మాస్టారి దశబంధం ఉత్తరం

కావలిలో చరిత్ర చెప్పిన మాస్టారు విద్యార్థులకు రాసిన జవాబులకు కార్బన్ నకళ్ళు ఉండేవి. అరఠావు కాగితం కింద కార్బన్ పెట్టి, బాల్‌పెన్ను నొక్కిపట్టి రాసేవారు. పైకాగితం పోస్టులో పోయేది, కిందది ఫైల్లో ఉండిపోయేది. ఇప్పటికీ ఆ కాగితాలు వెనక్కి తిప్పి వేలితో తడిమితే అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతాయి. వాటిలో 1987 శ్రావణంలో రాసిన ఉత్తరం ఒకటుంది, నాలుగు పేజీలు. కనిగిరి వైపు హైస్కూల్లో పాఠాలు చెబుతూ ఎం.ఫిల్.లో చేరిన ఒక కుర్రాడికి రాసినది. అతను పంపిన అంశం ఇది: "నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో చెరువుల నీటిపారుదల – సమగ్ర చారిత్రక పరిశీలన."

మాస్టారు కాదనే ముందు ఆ పేరును మాటకు మాటగా విడదీశారు. ఒక అంశం ఎందుకు పెద్దదైపోతుందో ఇంత ఓపికగా చెప్పిన కాగితం మరొకటి ఆ ఫైల్లో లేదు. అందుకే ఎక్కువ భాగం ఆయన మాటల్లోనే ఇస్తున్నాను.

"చిరంజీవికి ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. చెరువుల మీద పని చేద్దామన్న నీ కోరిక మంచిది. నువ్వు పెట్టిన పేరు మాత్రం నిన్ను ముంచుతుంది. ఎక్కడ ముంచుతుందో చూడు.

మొదట 'ప్రకాశం' అన్న మాట. ఆ జిల్లా పుట్టింది 1970లో, ఆ పేరు వచ్చింది 1972లో. మీ కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరు నుంచి వచ్చాయి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. అంటే నువ్వు ఒక జిల్లా అని రాశావు గానీ నీకు కావలసిన పాత కాగితాలు మూడు జిల్లాల పేర్ల కింద ఉన్నాయి. చెరువుల మీద పుస్తకం అంటే కంభం చెరువు లేకుండా ఎలా అంటావు. కంభం ఆనాడు కర్నూలు జిల్లా. నెల్లూరు శాసన సంపుటాల్లో అది దొరకదు. దాని కోసం వేరే దారి పట్టాలి, ఆ దారికే ఆరు నెలలు పోతాయి.

నెల్లూరు శాసనాలకు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో తెచ్చిన మూడు సంపుటాలు ఉన్నాయి. అవి తాలూకాల వారీగా ఉంటాయి, ప్రతి తాలూకాకూ అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. అందుకని 'సంఖ్య 21' అని ఒక్కదాన్నే రాసుకుంటే పనికిరాదు, 'కందుకూరు 21' అని రాసుకోవాలి. ఒంగోలు 1904లోనే గుంటూరు జిల్లాలోకి పోయినా ఈ సంపుటాల్లో ఉంది. ఇలాంటి చిన్న సంగతి తెలియకే చాలామంది ఒంగోలు కోసం గుంటూరు లెక్కలు వెతికి ఏమీ లేవని రాస్తారు.

ఇక 'చెరువులు' అన్న మాట. మీ ఎగువ మెట్టలో చెరువంటే వానకు నిండేది, వాగుకు అడ్డంగా కట్ట వేసి నిలబెట్టుకున్నది. నెల్లూరు, కోవూరు వైపు చెరువంటే పెన్నా కాలువ నీళ్ళు కూడా తాగేది. నెల్లూరు ఆనకట్ట 1850లలో, సంగం ఆనకట్ట 1880లలో వచ్చాక ఆ చెరువుల లెక్కే మారిపోయింది. ఏది పాత కాలువ, ఏది ఇంగ్లీషు వాళ్ళు తవ్విందో విడదీయడానికి ఇంజినీర్ల కాగితాలు చదవాలి. ఆ రెండు రకాలకూ పేరొకటే, వాటిని నడిపే పద్ధతి ఒకటి కాదు.

మూడోది 'సమగ్ర'. పల్లవుల నుంచి కుంఫిణీ దాకా అని నీ ఉద్దేశం కాబోలు. తెలుగు చోళులు, కాకతీయులు, పాండ్యులు, విజయనగరం, నడుమ గజపతులు, ఇందరున్నారు. గూడూరు వైపు దిగితే అరవ శాసనాలు వస్తాయి. నీకు సంస్కృతం కొద్దిగా వచ్చు, అరవం రాదు. చదవలేని శాసనాలను ఇంకొకరి ఇంగ్లీషు సారాంశం పట్టుకుని రాస్తావు. ఆ సారాంశంలో 'చెరువుకు భూమి ఇచ్చాడు' అని ఒక్క ముక్క ఉంటుంది. ఎవరికిచ్చాడు, ఎంత, ఏ పని చేసినందుకు, ఎన్ని తరాలు, అదంతా మూలంలోనే ఉంటుంది. మన పనికి కావలసింది కూడా అదే.

ఇప్పుడు రోజుల లెక్క వేద్దాం. ఒక శాసనం మూలం చదివి, తిథి సరిచూసి, కార్డు రాయడానికి ఒక రోజు. రాయి ఉన్న ఊరికి పోయి రావడానికి ఇంకో రోజు. నీకు బడి ఉంది, ఆదివారాలూ సెలవులూ కలిపి ఏడాదికి వంద రోజులు చిక్కితే గొప్ప. అంటే నలభై శాసనాలు చూడగలవు, మిగిలిన ఇరవై రోజుల్లో రాయగలవు. నలభై శాసనాలతో 'సమగ్ర' అని పేరు పెడితే పరీక్షకుడు మొదటి పేజీ దగ్గరే ఆగిపోతాడు. కాబట్టి నలభై శాసనాలు దేనికి సరిపోతాయో అక్కడి నుంచి అంశం కట్టుకో."

ఇక్కడిదాకా అందరు మాస్టార్లూ చెప్పేదే కావచ్చు. ఈ ఉత్తరం విలువ రెండో పేజీలో మొదలవుతుంది. పెద్దదని చెప్పి ఊరుకోకుండా, ఆ పెద్దదానిలోంచి ఏ ముక్క కోయాలో, కత్తి ఎక్కడ పెట్టాలో చూపించారు. 'దశబంధం' అన్న మాట కింద రెండు గీతలున్నాయి, కార్బన్ చిరిగేంత గట్టిగా.

"నేను చెప్పే అంశం ఇది: 'ఉదయగిరి సీమ చెరువు శాసనాలలో దశబంధం: కనిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు, 1350–1565'.

దశబంధం అంటే చెరువు కట్టినవాడికో, తెగిన చెరువును బాగుచేసినవాడికో, ఇక ముందు దాన్ని చూసుకుంటానన్నవాడికో ఆ చెరువు కిందే ఇచ్చే మాన్యం. రాజు ఖజానా నుంచి రూకలు తీసి ఇవ్వడు. చెరువు నిలబడితే పండే నేలలోంచే ఒక వాటా ఇస్తాడు. కట్ట తెగితే ఆ మాన్యమూ ఎండిపోతుంది, కాబట్టి మాన్యందారుడు కట్ట మీద కన్నేసి ఉంచుతాడు. ఈ ఒక్క ఏర్పాటు ఎలా నడిచిందో చెప్పగలిగితే చాలు, చెరువుల చరిత్రలో గట్టి అధ్యాయం అవుతుంది.

ఈ మూడు తాలూకాలే ఎందుకంటే మూడూ మెట్ట ప్రాంతాలు. అక్కడ చెప్పుకోవలసింది వానాధారపు చెరువుల మాటే. ఆత్మకూరులో పెన్నా ఒడ్డు ఊళ్ళను వదిలెయ్. 1350 ఎందుకంటే ఆ కాలం నుంచి ఉదయగిరి దుర్గం విజయనగరపు వాళ్ళకు ఒక రాజ్యానికి ముఖ్యపట్నమైంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడి నుంచి ఏలుతూ కడప జిల్లా పోరుమామిళ్ళలో చెరువు కట్టించాడు. ఆ శాసనం శకం 1291, అంటే 1369. నీ తాలూకాల్లోది కాదు కాబట్టి దాన్ని లెక్కలో కలపొద్దు, కొలబద్దగా పక్కన పెట్టుకో. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెప్పాడు. కట్టలోంచి నీళ్ళు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ తాబేటి వీపులా మిట్ట, నీళ్ళు కొంచెమై నేల ఎక్కువ కావడం, నేల కొంచెమై నీళ్ళు ఎక్కువ కావడం దోషాలట. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం కూడా దోషమే అన్నాడు. అది ఇంజినీరు మాట కాదు, రేపు తగువొస్తే తీర్చేవాడెవడు అని ఆలోచించినవాడి మాట. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని కూడా రాశాడు. మీ మెట్టలో ఒక రెడ్డో, ఒక బోయనాయకుడో కట్టుకున్న ఊరి చెరువును దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. చిన్న చెరువు శాసనంలో శ్లోకాలుండవు, ఎవరికి ఎంత అన్న లెక్కే ఉంటుంది. నీకు కావలసింది అదే."

తరువాత మూడో పేజీ శాసనాలు చదవడంలో వచ్చే పొరపాట్ల మీద. శాసనం చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఈనాటికీ ఈ గుంటల్లోనే పడుతున్నారు.

"మొదటి గుంట, 'తూము'. చెరువు కట్టలో నీళ్ళు వదిలే తూము ఒకటి. ధాన్యం కొలిచే తూము ఇంకొకటి. ఆ తూము గింజలు చల్లే నేలకూ తూము అనే పేరు. 'పెదతూము కింద పది తూముల మడి' అని ఉంటే (ఇది నేను కట్టిన వాక్యమే) మొదటిది రాయి, రెండోది నేల. నువ్వు పంపిన నమూనా కార్డులో ఒక చెరువుకు పన్నెండు తూములున్నాయని రాశావు. ఊరి చెరువుకు పన్నెండు తూములెక్కడివి? అది నేల కొలత. తూముకు ముందు ఊరి దిక్కో, పెద్ద చిన్న అన్న మాటో ఉంటే కట్టలోని తూము అనుకో. అంకె ఉండి వెంట మడి, చేను, పొలం అన్న మాట వస్తే నేల అనుకో. ఏదీ తేలకపోతే కార్డు మీద ప్రశ్నార్థకం పెట్టి వదిలెయ్, లెక్కలో చేర్చకు.

దానితోపాటే 'ఖ' అన్న ఒంటి అక్షరం. 'ఖ ౧' అంటే ఒక ఖండిక, మన పుట్టి. నకలు రాసేవాళ్ళు అదేదో అరిగిన అక్షరమనుకుని వదిలేస్తారు. అది పోతే శాసనంలో ఎంత నేల ఇచ్చారో అదే పోతుంది. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు, ఇంతవరకు నమ్మకంగా వాడుకో. పుట్టిని ఎకరాల్లోకి మాత్రం మార్చకు. పుట్టెడు గింజలు ఎంత నేలకు సరిపోతాయన్నది మాగాణికి ఒకటి, మెట్టకు ఒకటి, ఊరికి ఒకటి. ఒకే శాసనంలో మొత్తం ఆయకట్టు, దశబంధం రెండూ పుట్లలోనే చెప్పి ఉంటే ఇందులో అది ఎన్నో వంతు అని చెప్పొచ్చు. ఆ నిష్పత్తే నీకు పనికొచ్చే అంకె. దశ అంటే పది కదా అని అన్నిచోట్లా పదో వంతు ఇచ్చారని ముందే అనుకోకు. పేరు నిలిచిపోతుంది, వాటా మారుతూ ఉంటుంది. ఎక్కడ పదో వంతు కాదో అక్కడ ఎందుకు కాలేదో వెతుకు. కొత్త చెరువా, పాత చెరువుకు మరమ్మతా అన్నది మొదట చూడు.

'చెఱువు వెనక' అంటే నీళ్ళ వైపు అనుకునేవు. కట్టకు అవతల, నీళ్ళు పారే పల్లపు వైపు అది. ఇంకో సంగతి, సూచికల్లో చెఱువు అన్నచోట బండి ఱ ఉంటుంది. మామూలు ర కింద వెతికి లేదనకు. తటాకం, సముద్రం, సాగరం అన్న మాటల కింద కూడా చూడు, అనంతసాగరం లాగా ఊరి పేరులోనే చెరువు దాగి ఉంటుంది. దశబంధం అన్న మాట కూడా ఒక్క తీరుగా ఉండదు. దసవంద, దశవంధ అని కూడా చెక్కారు. కొన్నిచోట్ల మాటే ఉండదు, ఏర్పాటు మాత్రం ఉంటుంది. అలాంటివి వేరే కట్ట కట్టు.

రెండో గుంట తిథి. శకం, సంవత్సరం పేరు రెండూ ఉన్నచోట ఒకదానితో ఒకటి సరిచూడాలి. శకానికి 12 కలిపి 60తో భాగించు. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కపెడితే వచ్చే సంవత్సరం. ఈ ఏడు శకం 1909. పన్నెండు కలిపితే 1921, అరవైతో భాగిస్తే శేషం 1, ప్రభవ. ఉగాది పంచాంగం చూసుకో, సరిపోతుంది. పోరుమామిళ్ళ శకం 1291కి శేషం 43, నలభై మూడోది సౌమ్య. శాసనంలోనూ సౌమ్యే.

ఇప్పుడు నకలులో శకం 1426, భావ సంవత్సరం అని ఉందనుకో. 1426కి శేషం 58, అది రక్తాక్షి. భావ ఎనిమిదోది. ఎనిమిది రావాలంటే శకం 1436 కావాలి. అంటే అరిగిన రాతి మీద ౩ని ౨గా చదివారు. పదేళ్ళే కదా అనకు. 1426 అంటే 1504, అప్పుడు ఉదయగిరి గజపతుల చేతిలో ఉంది. 1436 అంటే 1514, ఆ ఏటి నడిమికి కృష్ణరాయలు దాన్ని పట్టుకున్నాడు. ఒక్క అంకె తప్పు చదివితే ఒక రాజు ఇచ్చిన మాన్యాన్ని ఇంకో రాజుకు అంటగడతావు. శేషంలో ఒకటి తేడా వస్తే కంగారు పడకు. గడిచిన సంవత్సరం చెప్పేవాళ్ళున్నారు, నడుస్తున్నది చెప్పేవాళ్ళూ ఉన్నారు. పది తేడా వస్తే మాత్రం రాయి దగ్గరికి పోవాల్సిందే. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే శకానికి 78 కలుపు. పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా అయితే 79 అవుతుంది.

శాసనం చివర శాపాలుంటాయి. సంస్కృత శ్లోకం అందరికీ ఒకటే, దాన్ని నకలు చేసుకుంటూ సాయంత్రాలు పోగొట్టుకోకు. 'గంగ కరుత కవిలను చంపిన పాపం', అంటే గంగ ఒడ్డున ఆవును చంపిన పాపం, అన్న వాక్యమూ అందరూ చెక్కేదే. ఊరి మాటల్లో ఇంకేదైనా ఉంటే అది రాసుకో. 'ఈ మాన్యానికి అడ్డం వచ్చిన కరణం' అనో, 'కాపు' అనో ఉంటే ఎవరి వల్ల భయమో తెలుస్తుంది."

నాలుగో పేజీలో మాస్టారు ఆ అంశానికీ హద్దులు గీశారు. తాను సూచించిన అంశం కూడా ఎక్కడ చాలదో చెప్పారు. నెల్లూరు వైపు మాట కలుజు, అలుగు అనరు. ఆయన కూడా అలాగే రాశారు.

"శాసనం ఇచ్చిన మాట చెబుతుంది, నిలుపుకున్న మాట చెప్పదు. ఆ వంశం చెరువును బాగుచేసిందా, మాన్యం తిని ఊరుకుందా అన్నది రాతి మీద ఉండదు. దానికి ఒకటే దారి ఉంది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ వాళ్ళు 1860లలో ఊరూరా ఇనాములు విచారించి రిజిస్టర్లు రాశారు. అందులో దశబంధం ఇనాములు వేరే రకంగా కనిపిస్తాయి. హద్దులతో ఫలానా నేల అని ఇచ్చినది ఖండం, ఆయకట్టు రాబడిలో వాటాగా ఇచ్చినది షామిలాతు. నీ శాసనాల ఊళ్ళు పట్టుకుని ఆ రిజిస్టర్లు తీసి చూడు. అయిదారు ఊళ్ళలో అదే చెరువు మీద అదే పేరుతో ఇనాం కనిపించినా చాలు, నీ చివరి అధ్యాయం అదే. కానీ నడుమ మూడు వందల ఏళ్ళున్నాయి. శాసనంలో పేరున్న వంశమే రిజిస్టర్లోనూ ఉందని తేలకుండా 'నాటి నుంచి నేటి దాకా' అని రాయకు. చెరువు అదే కావచ్చు, మాన్యం చేతులు మారి ఉండొచ్చు.

ముందు ఒక నెల కనిగిరి తాలూకా ఒక్కటే చదువు. దశబంధం ఉన్న కార్డులు ఎన్ని వచ్చాయో నాకు రాయి. మరీ నాలుగైదే వస్తే కాలాన్ని 1250కి జరిపి, పొదిలి కలుపుదాం. ఇరవై దాటితే ఆత్మకూరు వదిలేద్దాం. అంశం పేరు ఆ తరువాతే ఖాయం చేద్దాం, యూనివర్సిటీకి ఇప్పుడే పంపకు. ఒక్కసారి పంపిన పేరు మార్చుకోవడం పెద్ద తతంగం.

రాయి దగ్గరికి పోయినప్పుడు సంపుటంలో చెప్పిన చోట లేదని తిరిగి రాకు. కట్ట మరమ్మతు చేసినప్పుడల్లా రాళ్ళు కదులుతాయి. తూము పక్కన, కలుజు గోడలో, ఆంజనేయుడి గుడి అరుగు మీద, బట్టలుతికే రేవులో వెతుకు. చెరువు కింద సేద్యం చేసే ముసలివాళ్ళను అడుగు, 'రాతల రాయి' అంటే చూపిస్తారు. ఎక్కడ ఉందో, ఏ వైపు తిరిగి ఉందో, ఎన్ని పంక్తులు నేలలో పూడి ఉన్నాయో రాసుకో. పూడిన పంక్తుల్లోనే తరచు నేల లెక్క ఉంటుంది.

అక్షరాల్లో సుద్ద నింపకు, పసుపు రాయకు. నువ్వు తప్పు చదివి సుద్ద వేస్తే తరువాత వచ్చినవాడు నీ తప్పే చదువుతాడు. నీళ్ళతో కడిగి, మెత్తటి కుంచెతో మట్టి తీసి, పొద్దు పొడిచాక గంటలోపల చదువు. ఎండ ఏటవాలుగా పడుతుంది, గీతల్లో నీడ నిలుస్తుంది. మిట్ట మధ్యాహ్నం అయితే కళ్ళు పోతాయి గానీ అక్షరం కనపడదు. రాయి ఉత్తరానికి తిరిగి ఉంటే పొద్దు కోసం చూడకు, రాత్రి టార్చిలైటు పక్క నుంచి పట్టించి చదువు. ఎవరినైనా తోడు తీసుకుపో, కట్ట మీద పాములుంటాయి."

సంతకం కింద ఇంకో పంక్తి ఉంది, పోస్టులో వేసే ముందు గుర్తొచ్చి రాసినట్టు పక్కకు వాలి ఉంది: "నీ కార్డు మీద పన్నెండు తూములను కొట్టేశాను. ఆ రాయి ఏడో పంక్తి మళ్ళీ చూడు, దానికి ముందు ఖ ఉండాలి."